"ఎవరితో?" - ఫీకా అనే స్వీడిష్ మాట గురించి

(రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మైకు కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను.

ఈ రోజు నేను ఒక్క మాట గురించే మాట్లాడతాను. రెండే అక్షరాలు. ఫీకా. ఇక్కడ చాలామందికి ఈ మాట వినగానే ఫీకా చాయ్ గుర్తొచ్చి ఉంటుంది. చక్కెర తక్కువై చప్పగా ఉన్న చాయ్‌ని మనం అలాగే అంటాం కదా. ఆ ఫీకా వేరు, ఈ ఫీకా వేరు. రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. నేను చెప్పబోయేది స్వీడిష్ మాట. స్వీడన్‌లో అడుగుపెట్టిన ఎవరైనా మొదటి వారంలోనే నేర్చుకునే మాట ఇది. అర్థం మాత్రం అంత త్వరగా పట్టుబడదు. నాకైతే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల కథతోనే మొదలుపెడతాను.

నేను గోథెన్‌బర్గ్‌లో ఒక ప్రయోగశాలలో ఉద్యోగానికి చేరాను. నవంబరు నెల. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. మొదటి రోజు ఉదయం తొమ్మిదిన్నరకి కారిడార్‌లో ఎవరో గట్టిగా "ఫీకా!" అని కేకేశారు. తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి, అందరూ లేచి వెళ్తున్నారు. నా పక్క బల్ల ఆయన, ఇంకో రెండు మూడేళ్ళలో రిటైరయ్యే టెక్నీషియన్, నా దగ్గర ఆగి "వస్తావా?" అని అడిగాడు. ఫీకా అంటే కాఫీ విరామం అని నేను అప్పటికే చదువుకుని వెళ్ళాను. నాకు కాఫీ అలవాటు లేదు. అందుకని మర్యాదగా "థాంక్స్, నేను కాఫీ తాగను" అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

మళ్ళీ మధ్యాహ్నం రెండున్నరకి కేక. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు చెప్పాను. మర్నాడూ అంతే. రెండో వారంలో అడగడం తగ్గింది. మూడో వారంలో ఎవరూ అడగలేదు. నాకు అందులో ఏ తప్పూ కనిపించలేదు. పైగా అందరూ అటు వెళ్ళినప్పుడు నేను నిశ్శబ్దంగా పని చేసుకుంటున్నానని కొంచెం తృప్తిగా కూడా ఉండేది. మన దగ్గర పెరిగినవాళ్ళం కదా, కొత్త ఉద్యోగంలో మొదటి నెలలో కుర్చీలోంచి లేవకపోవడమే మంచి పేరు తెస్తుందని అనుకుంటాం.

మూడో వారం చివర ఒక సాయంత్రం ఆ టెక్నీషియన్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. నిలబడే, చాలా నెమ్మదిగా అడిగాడు. "మా వల్ల నీకేమైనా ఇబ్బంది కలిగిందా?" నాకేమీ అర్థం కాలేదు. లేదే, ఎందుకలా అడుగుతున్నారు అన్నాను. "నువ్వు మాతో కూర్చోవడం లేదు కదా" అన్నాడు. నేను మళ్ళీ అదే మాట, కాఫీ తాగను కదా అన్నాను. ఆయన ముఖంలో వచ్చిన మార్పు నాకిప్పటికీ గుర్తుంది. "కాఫీ గురించి కాదు" అన్నాడు. "నువ్వు ఏం తాగితే మాకేం? వచ్చి కూర్చో."

మర్నాడు కప్పులో వేడి నీళ్ళు పోసుకుని వెళ్ళి కూర్చున్నాను. వేడి నీళ్ళే. నా కప్పులో ఏముందో ఒక్కరు కూడా చూడలేదు.

ఇప్పుడు ఆలోచించండి. నేను "కాఫీ వద్దు" అన్నాను. వాళ్ళకి వినపడింది "మీరు వద్దు" అని. రోజుకి రెండుసార్లు, మూడు వారాలు. ఇది అనువాదంలో వచ్చిన తప్పు. కాఫీ విరామం అన్న అర్థం పూర్తిగా తప్పని నేననను, చాలా నిఘంటువులు అలాగే ఇస్తాయి. కానీ ఆ అర్థంలో ఉన్న రెండు మాటల్లో "కాఫీ" మీద బరువు పెట్టుకుని నేను వెళ్ళాను. ఆ మాట బరువంతా ఇంకోచోట ఉంది.

ఎక్కడ ఉంది? అది నాకు ఇంకో సంఘటనలో తెలిసింది. అప్పటికి నా స్వీడిష్ కొంచెం నడుస్తోంది. ఒక సోమవారం ఫీకాలో, శనివారం రైల్లో స్టాక్‌హోమ్ వెళ్ళానని చెబుతూ, "రైల్లో ఫీకా చేశాను" అన్నాను. కాఫీ గది రైల్లో ఉంటుంది, అక్కడ టీ, బన్ను కొనుక్కుని కిటికీ పక్కన కూర్చుని తిన్నాను. వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు. కానీ ఎదురుగా ఉన్నావిడ వెంటనే అడిగింది: "ఎవరితో?"

ఎవరితో? ఆవిడ నన్ను ఆట పట్టించడానికి అడగలేదు. నా మాటలో సహజంగా ఉండాల్సిన ఒక ముక్క కనపడలేదు, అందుకే అడిగింది. మీరు "నిన్న పెళ్ళికి వెళ్ళాను" అంటే ఎవరి పెళ్ళి అని అడుగుతాం కదా, అలాగే. పెళ్ళి అన్నాక ఎవరిదో ఒకరిది అయి తీరాలి. ఫీకా అన్నాక ఎవరితోనో ఒకరితో అయి ఉండాలి.

ఒంటరిగా ఫీకా చేయకూడదా అంటే, చేయొచ్చు. చేసేవాళ్ళున్నారు. పుస్తకం పట్టుకుని కేఫ్‌లో కూర్చుని "ఒక్కదాన్నే ఫీకా చేశాను" అని చెప్పేవాళ్ళని నేను చూశాను. కానీ గమనించండి, "ఒక్కదాన్నే" అని విడిగా చెప్పాలి. తోడు ఉంటే విడిగా చెప్పక్కర్లేదు, అది ఆ మాటలోనే ఉంది. ఏది చెప్పకుండానే అర్థమవుతుందో అదే ఆ మాటకి అసలు అర్థం. ఏది ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తుందో అది ఆ మాటకి పక్కది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది దాదాపు ఇంతే. మిగతాదంతా దీనికి దారి ఎలా పడిందన్నదే.

మరి ఈ మాట పుట్టింది ఎక్కడ? ఇక్కడ ఒక తమాషా ఉంది. తోడు గురించి ఇంతగా చెప్పాను కదా, మాట పుట్టింది మాత్రం అచ్చంగా కాఫీలోంచే.

స్వీడిష్‌లో కాఫీని కఫె అంటారు. దానికి పాత రూపం, మాండలికాల్లో ఉన్న రూపం, కఫ్ఫి. ఆ కఫ్ఫిలో రెండు ముక్కలు - క, ఫి. వాటిని తిరగేయండి. ఫి, క. అంతే, ఫీకా. చిన్నప్పుడు మనం క-భాష మాట్లాడుకునేవాళ్ళం కదా, పెద్దవాళ్ళకి తెలియకుండా ప్రతి అక్షరం ముందూ క చేర్చి? ఇక్కడ ఎంతమంది మాట్లాడారు? చూశారా, సగం చేతులు లేచాయి. ఆ పద్ధతి లాంటిదే ఇదీ. ముక్కలు తిరగేసి మాట్లాడే గుప్తభాష. ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే వర్తకులు స్వీడన్ పశ్చిమాన, బూరోస్ పట్నం చుట్టుపక్కల చాలామంది ఉండేవారు. వాళ్ళని క్నల్లార్ అనేవారు. కొనేవాళ్ళకి తెలియకుండా తమలో తాము మాట్లాడుకోవడానికి వాళ్ళకొక భాష ఉండేది. ఫీకా అక్కడినుంచే వచ్చిందని చెప్పేవాళ్ళున్నారు. ఏ గుంపు మొదట అన్నదో పక్కన పెడదాం. కఫ్ఫిని తిరగేస్తే ఫీకా అయిందన్నది మాత్రం స్వీడిష్ భాషావేత్తలు ఒప్పుకున్న సంగతి. అచ్చులో ఈ మాట కనపడడం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, 1910 ప్రాంతంలో.

ఈ ఏడాది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. స్వీడన్‌లో కాఫీని ప్రభుత్వం నిషేధించిన రోజులున్నాయి. నిజమే. మొదటి నిషేధం 1756లో వచ్చింది. తర్వాత ఎత్తేశారు, మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎత్తేశారు. ఇలా కొన్నిసార్లు జరిగి, 1820ల్లో చివరి నిషేధం పోయింది. దేశంలో డబ్బు విదేశీ సరుకుకి పోతోందన్నది ఒక పెద్ద కారణం. అందుకని ఒక కథ పుట్టింది. కాఫీ పేరు ఎత్తితే పట్టుకుంటారని జనం మాటని తిరగేసి ఫీకా అన్నారట. కథ బాగుంది. నేనూ మొదట్లో నమ్మి పదిమందికి చెప్పాను. కానీ లెక్క చూడండి. చివరి నిషేధం పోయింది 1820ల్లో. మాట అచ్చులో కనిపించింది 1910 ప్రాంతంలో. మధ్యలో ఎనభై, తొంభై ఏళ్ళు. పోలీసులకి భయపడి పుట్టిన మాటయితే ఆ నిషేధాల కాలం కాగితాల్లో ఎక్కడైనా తగలాలి కదా? కాబట్టి ఆ కథ చెప్పేవాళ్ళు కలిస్తే ఈ రెండు ఏళ్ళూ అడగండి.

సరే, అప్పుడు అది కాఫీకి మారుపేరు మాత్రమే. వీధి మాట. మర్యాదస్తులు వాడే మాట కాదు. మరి కాఫీలోంచి మనుషుల్లోకి ఎలా వచ్చింది?

నాకు తోచినంతవరకు దీనికి ముఖ్యమైన కారణం, ఆ మాట క్రియ కావడం. స్వీడిష్‌లో ఫీకా నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. "స్కా వీ ఫీకా?" అంటారు. స్కా వీ అంటే "మనం ... దామా?" అని. వెళ్దామా, తిందామా అన్నట్టు, "ఫీకిద్దామా?" అని. ఇప్పుడు దీని పక్కన మన తెలుగు వాక్యం పెట్టండి. "టీ తాగుదామా?" మనం కూడా టీ కోసమే పిలవం, నిజం చెప్పాలంటే. మాట్లాడుకోవడానికే పిలుస్తాం. మన "టీ తాగుదామా"లో కూడా తోడు ఉంది. కాదనను. కానీ మన వాక్యంలో టీ పైకి కనపడుతూనే ఉంది. టీ తాగనివాడు "నేను టీ తాగనండి" అని తప్పుకోవచ్చు. వాక్యమే వాడికి ఆ దారి చూపిస్తోంది. స్వీడిష్ వాక్యంలో తాగేది కనపడదు. "మనం" ఉంది, చేసే పని ఉంది. ఏం తాగాలన్నది వాక్యంలో లేదు. అందుకే నేను "కాఫీ తాగను" అన్నప్పుడు ఆయనకి అది జవాబులాగే అనిపించలేదు. కాఫీ సంగతి ఆయన అడగనే లేదు.

ఇంకొకటి. మాట ఒకసారి కాఫీనుంచి విడిపోయాక దానికి సొంత పిల్లలు పుట్టాయి. ఫీకా చేసే గది ఫీకారుమ్. ఫీకాతో తినేది ఫీకాబ్రోడ్. బ్రోడ్ అంటే రొట్టె, కానీ ఇక్కడ రొట్టె కాదు, దాల్చినచెక్క బన్నులు, ఏలకుల బన్నులు, అలాంటి తీపివి. ఫీకా చేయాలని మనసు లాగుతుంటే ఫీకాసూగెన్ అంటారు. చివరికి కేఫ్‌నే ఫీక్ అంటారు. చూడండి ఎంత విచిత్రమో. కఫ్ఫిని తిరగేసి ఫీకా చేశారు. ఆ ఫీకా తోక కోసి ఫీక్ చేసి, కాఫీ అమ్మే చోటుకి పేరు పెట్టారు. మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చారు, కానీ ఆ మాట వాడేవాళ్ళలో ఎవరికీ ఇప్పుడు కఫ్ఫి గుర్తుండదు.

ఇప్పుడు ఏది ఫీకా, ఏది కాదు అని కొన్ని చూద్దాం. నేను మా ఫీకారుమ్‌లో వాళ్ళని అడిగి అడిగి విసిగించిన ప్రశ్నలివి.

పిల్లలు కాఫీ తాగరు. వాళ్ళు పళ్ళ షరబత్తు తాగుతూ, బన్ను తింటూ అమ్మమ్మతో కూర్చున్నారు. ఫీకాయేనా? ఫీకాయే. ఎవరికీ సందేహం లేదు. అందరూ టీయే తాగారు, కాఫీ చుక్క కూడా లేదు. ఫీకాయేనా? ఫీకాయే. అడవిలో నడకకి వెళ్ళి, చెట్టు మొద్దు మీద కూర్చుని, ఫ్లాస్కులోంచి పోసుకుని తాగారు ఇద్దరు. ఫీకా. చాలా ఇష్టమైన ఫీకా కూడా.

మరి ఉదయం స్టేషన్‌లో కాగితపు కప్పులో కాఫీ కొనుక్కుని, ట్రామ్ వైపు నడుస్తూ తాగాడు. ఫీకాయేనా? కాదు. కాఫీ ఉంది, మంచి కాఫీయే, అయినా ఫీకా కాదు. దాన్ని "ఒక కాఫీ తీసుకోవడం" అంటారు, కఫె అన్న అసలు మాట వాడి. కంప్యూటర్ ముందు కూర్చుని, టైపు చేస్తూ, పక్కన కప్పు పెట్టుకున్నాడు. కాదు. మీటింగులో అందరి ముందూ కాఫీ కప్పులున్నాయి, ఎజెండా నడుస్తోంది. ఇక్కడ మా వాళ్ళు కాసేపు వాదించుకున్నారు. చివరికి ఒకావిడ, "అది మీటింగ్, అక్కడ కాఫీ ఉంది, అంతే" అంది. అందరూ ఒప్పుకున్నారు.

అంటే తోడు ఒక్కటే సరిపోదు. మీటింగులో తోడు లేదా? ఉంది. కానీ పని ఆగలేదు. పని ఆగాలి, కూర్చోవాలి, ఇంకొకరు ఉండాలి. తాగేది, తినేది ఏదో ఒకటి చేతిలో ఉండాలి, అదేమిటన్నది ఎవరికీ పట్టదు.

ఆఫీసుల్లో ఇది ఎలా నడుస్తుందో చెప్పకపోతే మీకు బొమ్మ పూర్తవదు. మామూలుగా ఉదయం తొమ్మిదిన్నర, పది మధ్య ఒకటి, మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య ఒకటి. పావుగంట, ఇరవై నిమిషాలు. మా గదిలో పొడవాటి బల్ల ఒకటి ఉండేది. విభాగం పెద్ద అక్కడే, కొత్తగా వచ్చిన విద్యార్థి అక్కడే, గాజు సామాను కడిగే ఆవిడ అక్కడే. ఎవరి కుర్చీ అంటూ లేదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఇక్కడ మన అలవాటుకి కొంచెం తేడా ఉంది. మన ఆఫీసుల్లో టీకి దిగేది మనకి నచ్చిన నలుగురితో. ఫీకాకి నచ్చిన నలుగురు అని లేదు, ఆ రోజు ఎవరుంటే వాళ్ళు. అందుకే రాకపోతే అంతగా తెలుస్తుంది.

శుక్రవారం ఫీకాకి బన్నులో కేకో ఎవరు తేవాలన్నది గోడ మీద జాబితా. వంతులవారీగా పేర్లు. పెద్దాయన పేరు కూడా అందులోనే ఉండేది, ఆయన వంతుకి ఆయనే తెచ్చేవాడు. పుట్టినరోజు వస్తే కేకు మనకి ఎవరో తెస్తారని కూర్చోకూడదు, పుట్టినరోజు ఎవరిదో వాళ్ళే తెచ్చి పెడతారు. తాగాక ఎవరి కప్పు వాళ్ళే కడగాలి. చాలా చోట్ల సింకు పైన కాగితం అంటించి ఉంటుంది, "మీ అమ్మ ఇక్కడ పనిచేయడం లేదు" అని.

ఎవరో అడిగారు, ఇంత సమయం జీతంలో కోయరా అని. మంచి ప్రశ్న. స్వీడన్‌లో 1982 నాటి పనివేళల చట్టం ఒకటుంది. అందులో ఫీకా అన్న మాట లేదు. కానీ ఆ చట్టంలో ఆగడానికి వేర్వేరు రకాలున్నాయి, వాటిలో రెండు మనకి ముఖ్యం. ఒకటి రాస్ట్. మధ్యాహ్న భోజనం లాంటిది. ఆ సమయం మీది, మీరు బయటికి వెళ్ళిపోవచ్చు, అది పనివేళల్లో లెక్కలోకి రాదు. ఏకబిగిన ఐదు గంటలకి మించి రాస్ట్ లేకుండా పని చేయించకూడదు. రెండోది పౌస్. చిన్న ఆగడం. ఇది పనివేళల్లో భాగంగానే లెక్క. ఆఫీసుల్లో ఫీకా సాధారణంగా ఈ రెండో రకం కింద నడుస్తుంది. అంటే ఆ పావుగంటా మీరు పనిలో ఉన్నట్టే. అందుకే కేక వేసినప్పుడు ఎవరూ దొంగచాటుగా లేవరు, బాస్ చూస్తాడేమోనన్న టెన్షన్ ఉండదు. బాస్ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు.

కానీ అందరికీ ఇలా కుదరదు, అది కూడా చెప్పాలి. ఆసుపత్రి వార్డులో నర్సులందరూ ఒకేసారి లేవలేరు. బస్సు నడిపేవాడికి బల్ల చుట్టూ ఎవరుంటారు? దుకాణంలో ఇద్దరే ఉంటే ఒకరు గల్లా దగ్గర ఉండాలి. వాళ్ళకీ ఆగే సమయం ఉంటుంది, కాఫీ ఉంటుంది. కలిసి కూర్చోవడం తగ్గుతుంది. నర్సుగా చేసే ఒక స్నేహితురాలు నాతో అంది, "ఈ వారం కాఫీ చాలా తాగాను, ఫీకా ఒక్కటీ లేదు." ఆ వాక్యం విన్నప్పుడు, నేను ఇన్నాళ్ళూ వివరించడానికి కష్టపడుతున్నది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసిందనిపించింది.

ఇంకో పక్క కూడా ఉంది. ఫీకా అన్న మాటకి కొన్నిసార్లు తినేవీ తాగేవీ అన్న అర్థం మాత్రమే ఉంటుంది. నోటీసు బోర్డు మీద "ఫీకా మేమిస్తాం" అని రాస్తారు, ఏదైనా సమావేశానికి పిలిచేటప్పుడు. అక్కడ ఫీకా అంటే కాఫీ, బన్ను. "ఫీకా కొన్నావా?" అంటే బన్నులు కొన్నావా అని. కాబట్టి ఎప్పుడూ తోడు అన్న అర్థమే అని నేను పట్టుబట్టను. కానీ ఆ బన్నులు కూడా ఎందుకు కొంటున్నారు? నలుగురు వస్తారనే.

కలిసి కాఫీ తాగడం ఫీకా అన్న మాటతోనే మొదలైందా? కాదు. అంతకుముందు పందొమ్మిదో శతాబ్దంలోనే ఆడవాళ్ళు ఒకరినొకరు ఇంటికి కాఫీకి పిలుచుకునేవారు. దానికి పద్ధతులుండేవి. బల్ల మీద ఏడు రకాల బిస్కట్లు ఉండాలని ఒక లెక్క. తక్కువైతే పిసినారి, ఎక్కువైతే గొప్పలకి పోయింది అనుకునేవారట. మన పేరంటాల లాగా, అందులో ఆదరణా ఉంది, పరీక్షా ఉంది. మరోవైపు మద్యపాన వ్యతిరేక ఉద్యమం. స్వీడన్‌లో అది చాలా బలంగా నడిచింది. ఎంత బలంగా అంటే, 1922లో దేశమంతా మద్యం నిషేధించాలా వద్దా అని జనాన్నే ఓటు అడిగారు. నిషేధం కొద్ది తేడాతో ఓడిపోయింది. ఆ ఉద్యమం వాళ్ళు, చర్చిలవాళ్ళు, కార్మిక సంఘాలవాళ్ళు కూడినచోట సారా ఉండదు కదా, బల్ల మీద కాఫీ కెటిల్ ఉండేది. అంటే కాఫీ చుట్టూ కూర్చోవడం ఫీకా అన్న మాట కన్నా ముందే ఆ దేశంలో అలవాటయింది. ఆ అలవాటుకి ఏడు రకాల బిస్కట్లూ అక్కర్లేని, తీర్మానాలూ అక్కర్లేని ఒక తేలికైన పేరు కావాలి. వీధిలోంచి వచ్చిన ఫీకా దానికి సరిపోయింది. ఇది నా ఊహ, పూచీ నాది.

ఆ తేలికదనం చాలా ముఖ్యం. స్వీడన్‌లో ఒకరిని భోజనానికి పిలవడం పెద్ద విషయం. వారాల ముందు చెప్పాలి, ఇల్లు సర్దాలి. ఫీకాకి అయితే ఏమీ అక్కర్లేదు. "ఫీకిద్దామా?" అంటే గంటలో తేలిపోతుంది. అందుకే పెళ్ళిచూపుల్లాంటి మొదటి పరిచయాలు కూడా అక్కడ ఎక్కువగా ఫీకాతో మొదలవుతాయి. నచ్చకపోతే కప్పు ఖాళీ కాగానే లేవొచ్చు. నచ్చితే ఇంకో కప్పు పోసుకోవచ్చు.

ఆ ఇంకో కప్పుకి కూడా ఒక పేరుంది. పోతోర్. తోర్ అంటే కన్నీటి బొట్టు, చుక్క అని కూడా. పైన ఇంకో చుక్క అన్నమాట. మూడోసారి పోసుకుంటే ట్రేతోర్. పాతకాలపు కేఫుల్లో రెండో కప్పుకి చాలాచోట్ల విడిగా డబ్బులు తీసుకోరు. ఎదుటివాళ్ళు "పోతోర్?" అని అడిగారంటే దానర్థం దాహంగా ఉందా అని కాదు. ఇంకాసేపు కూర్చుంటావా అని. ఇక్కడ కూడా చూడండి, చుక్క పేరు చెప్పి సమయం అడుగుతున్నారు.

ముగించడానికి కూడా పద్ధతుంది. ఎవరూ టైమయిందనరు. మాటల మధ్య ఒక చిన్న ఖాళీ వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు తొడల మీద చేతులు వేసి "జహా..." అంటారు. "సరే మరి" అన్నట్టు. అంతే, అందరూ లేస్తారు. లేస్తూ తెచ్చినవాళ్ళకి "ఫీకాకి థాంక్స్" అంటారు.

ఇక్కడ శాకాహారులు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఒక ఉపయోగపడే మాట. పిల్లలు అక్కడికి చదువులకి వెళ్తున్నారని ఇందాక ఇద్దరు తల్లులు చెప్పారు. కేకుల్లో గుడ్డు ఉంటుంది. బన్నుల మీద మెరుపు కోసం కూడా గుడ్డు రాస్తారు. గుడ్డు తిననివాళ్ళు షొక్లాద్‌బోల్ అడగొచ్చు. ఓట్స్, వెన్న, చక్కెర, కోకో, కొంచెం కాఫీ కలిపి ఉండలు చుట్టి, కొబ్బరి కోరులోనో పెద్ద చక్కెర పలుకుల్లోనో దొర్లిస్తారు. పొయ్యి మీద పెట్టే పని లేదు, మామూలు పద్ధతిలో గుడ్డు లేదు. మన సున్నుండల్లాగే చేత్తో చుట్టేది. నా వంతు వచ్చినప్పుడు నేను సున్నుండలే తీసుకెళ్ళేదాన్ని, క్షణాల్లో అయిపోయేవి. అసలు ఏమీ తినకపోయినా పర్వాలేదు. వెళ్ళి కూర్చోమని చెప్పండి. వాళ్ళు నాలా మూడు వారాలు పోగొట్టుకోకూడదు.

అక్కడి గ్రంథాలయాల్లో, చర్చిల్లో భాషా కేఫులు పెడతారు. కొత్తగా వచ్చినవాళ్ళు స్వీడిష్ మాట్లాడడం నేర్చుకోవడానికి. బల్ల మీద కాఫీ, బన్నులు ఉంటాయి. ఊరివాళ్ళు వచ్చి కూర్చుంటారు. నా స్వీడిష్‌లో సగం అక్కడే వచ్చింది.

ఇంకొక్క విషయం. మనిషికి ఇంత అని లెక్క వేస్తే స్వీడన్ వాళ్ళకంటే పక్కనున్న ఫిన్లాండ్ వాళ్ళు కాఫీ ఎక్కువ తాగుతారు. కానీ ఫీకా అన్న మాట స్వీడిష్‌లో పుట్టింది. కాఫీ ఎంత తాగారన్నదాన్ని బట్టే పుట్టే మాటయితే అది ఫిన్లాండ్‌లో పుట్టాలి.

ఆ టెక్నీషియన్ సంగతి చెప్పి ఆపేస్తాను. నేను చేరిన మూడో ఏడు ఆయన రిటైరయ్యాడు. ఆఖరి రోజు ఫీకాకి ఆకుపచ్చ పూత పూసిన పెద్ద కేకు ఆయనే తెచ్చాడు. కప్పు కడిగి, తుడిచి, పాత వార్తాపత్రికలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అప్పటిదాకా నాకు తెలియని విషయం ఒకటి సోమవారం తెలిసింది. ఉదయం తొమ్మిదిన్నర అయింది, కేక లేదు. పదయింది, లేదు. రోజూ కారిడార్‌లో కేకేసేది ఆయనేనని నేను ఎప్పుడూ గమనించుకోలేదు. ఆ రోజు ఒకరు తొమ్మిదింబావుకి వెళ్ళి కప్పు నింపుకుని తన గదికి వచ్చేశారు. ఇంకొకరు పదింటికి వెళ్ళారు. మంగళవారమూ అంతే. కాఫీ యంత్రం ఎప్పటిలాగే నడుస్తోంది. కప్పులు నిండుతున్నాయి. పొడవాటి బల్ల మాత్రం ఖాళీ.

బుధవారం తొమ్మిదిన్నరకి నేను లేచి, కారిడార్ మధ్యలో నిలబడి, నా తెలుగు యాసలోనే గట్టిగా "ఫీకా!" అన్నాను. తలుపులు తెరుచుకున్నాయి.